కువైట్‌కు పోయొచ్చిన ఇంటిపని మహిళల సర్వే: కూపన్ల గొలుసు, వెయిటేజీ లెక్క (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట, కోడూరు ప్రాంతాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లి తిరిగొచ్చిన మహిళలపై సర్వే చేయాలనుకునే వాళ్ల కోసం ఈ పేజీ రాశాం. ఇక్కడ చెప్పేది రెస్పాండెంట్ డ్రివెన్ శాంప్లింగ్ అనే పద్ధతి. క్లుప్తంగా ఆర్‌డీఎస్ అంటారు. ఉదాహరణల్లోని అంకెలు లెక్క అర్థం కావడానికి మేం ఊహించినవే, ఏ సర్వే ఫలితాలూ కావు.

ఓటరు జాబితా నుంచో, ఇంటింటి సర్వే నుంచో శాంపిల్ తీస్తే సరిపోదా?

సరిపోదు. శాంపిల్ తీయాలంటే ముందు ఒక జాబితా కావాలి, ఈ మహిళలకు జాబితా లేదు. విదేశాలకు పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన ఈసీఆర్ పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండి ఉండాలని నిబంధన. అంతకంటే చిన్న వయసులో వెళ్లిన వాళ్లు, ఏజెంటు మాట మీద విజిట్ వీసాతో వెళ్లిన వాళ్లు ప్రభుత్వ లెక్కల్లో కనపడరు. ఇంటింటికీ తిరిగితే వెయ్యి ఇళ్లలో కొద్దిమందే దొరుకుతారు. దొరికినా, ఇంట్లో మగవాళ్ల ముందు కొత్తవాళ్లకు "అవును, పోయొచ్చినా" అని చెప్పకపోవచ్చు. అయితే ఈ మహిళలు ఒకరికొకరు తెలుసు. ఒకే విమానంలో వచ్చినవాళ్లు, ఒకే ఏజెంటు పంపినవాళ్లు, అక్కడ పక్క ఇంట్లో పనిచేసినవాళ్లు ఉంటారు. శాంపిల్ తీయడానికి ఆర్‌డీఎస్ వాడుకునేది ఈ పరిచయాలనే. డగ్లస్ హెకథార్న్ అనే సామాజిక శాస్త్రవేత్త 1997లో ఈ పద్ధతిని ప్రతిపాదించాడు. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో మత్తుమందు సూదితో తీసుకునే వాళ్లను చేరుకోవడానికి మొదట వాడారు.

స్నోబాల్ శాంప్లింగ్‌కూ దీనికీ తేడా ఏమిటి?

స్నోబాల్‌లో "మీకు తెలిసినవాళ్ల పేర్లు చెప్పండి" అని అడిగి మనమే వాళ్ల దగ్గరికి వెళ్తాం. ఆర్‌డీఎస్‌లో పేర్లు అడగం. ఆమె చేతికి కూపన్లు ఇస్తాం, ఎవరికివ్వాలో ఆమే చూసుకుంటుంది. వచ్చే మహిళ తనంతట తానే వస్తుంది. ఆమె చేతికీ కూపన్లు ఇస్తాం, అలా గొలుసు సాగుతుంది. గొలుసులో ఒక్కో విడతను అంచె అంటాం. ఇంకో రెండు తేడాలున్నాయి. ఒక్కొక్కరికి ఇచ్చే కూపన్లకు పరిమితి ఉంటుంది. ఎవరు ఎవరిని పంపారో, ప్రతి ఒక్కరికీ ఎంతమంది తెలుసో కచ్చితంగా నమోదు చేస్తాం. ఈ రెండు సమాచారాలూ లేకపోతే వెయిటేజీ, అంటే ఒక్కొక్కరి జవాబుకు ఎంత బరువు ఇవ్వాలన్న లెక్క, కట్టలేం. అప్పుడు మీ దగ్గర మిగిలేది స్నోబాలే, పేరు ఏది పెట్టుకున్నా సరే.

మొదటి వాళ్లను, అంటే సీడ్‌లను, ఎలా ఎంచుకోవాలి?

సుమారు నాలుగు వందల మంది సర్వేకు ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. పరిచయాలు ఎక్కువగా ఉండి, పదిమందిలో మాట చెల్లే మహిళలను చూసుకోవాలి. అందరూ ఒకే రకం వాళ్లు కాకూడదు. రాయచోటి వైపు కొందరు, కడప–రేణిగుంట రైలు దారిలోని రాజంపేట, కోడూరు వైపు కొందరు ఉండాలి. నిబంధన ప్రకారం వెళ్లినవాళ్లు, విజిట్ వీసాతో వెళ్లినవాళ్లు, గడువుకు ముందే పారిపోయి వచ్చినవాళ్లు కూడా ఉండాలి. ఒక స్వచ్ఛంద సంస్థ దగ్గరున్న ఫిర్యాదుదారుల నుంచే సీడ్‌లందరినీ తీసుకోవడం తరచుగా జరిగే పొరపాటు. గొలుసులు పొట్టివైతే ఆ సంస్థ నీడ చివరిదాకా వదలదు.

కొన్ని సీడ్‌ల నుంచి ఒక్కరూ రారు, అది మామూలే. రెండు వారాలు చూసి, చప్పబడిన వాటి స్థానంలో కొత్త సీడ్‌లను దింపాలి. అయితే సీడ్‌లు పెరిగేకొద్దీ ఒక్కో గొలుసు పొట్టిదవుతుంది. ఇరవై సీడ్‌ల నుంచి రెండేసి అంచెలు రావడం కంటే ఆరు సీడ్‌ల నుంచి ఏడెనిమిది అంచెలు రావడం ఎంతో మేలు.

కూపన్ మీద ఏమేం ఉండాలి?

క్రమసంఖ్య, సర్వే కేంద్రం ఉన్న చోటు, పనివేళలు, ఫోన్ నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో ఉండాలి. కువైట్ మాట, వీసా మాట దాని మీద రాయకూడదు. కూపన్ బీరువా మీదనో అత్తగారి చేతిలోనో కనపడితే ఆమె గుట్టు బయటపడుతుంది. "మహిళల ఆరోగ్యం, పని" అని ముద్రిస్తే చాలు.

క్రమసంఖ్యలోనే వంశవృక్షం కనపడేలా పెడితే పని తేలిక. మూడో సీడ్ ఇచ్చిన మొదటి కూపన్ 3-1. ఆ కూపన్‌తో వచ్చినామె ఇచ్చిన రెండోది 3-1-2. సంఖ్య చూడగానే ఎన్నో అంచెలో ఉందో, ఎవరు పంపారో తెలిసిపోతుంది. సాధారణంగా ఒక్కొక్కరికి మూడు కూపన్లు ఇస్తారు. ఐదు ఇస్తే గొలుసు అడ్డంగా విస్తరిస్తుంది, శాంపిల్ త్వరగా నిండుతుంది, కానీ అంచెలు రెండు మూడు దగ్గరే ఆగిపోతాయి. ఒక్కటే ఇస్తే ఎక్కడో ఒకచోట తెగిపోతుంది.

డబ్బు రెండు విడతలు. ఇంటర్వ్యూకు ఒకటి, ఆమె పంపిన ప్రతి మహిళా ఇంటర్వ్యూ పూర్తిచేశాక ఒకటి. బస్సు చార్జీ, పోగొట్టుకున్న పూట కూలి కలిపినంత ఉంటే చాలు. అంతకు మించితే కూపన్లు అమ్ముడుపోవడం మొదలవుతుంది, ఎప్పుడూ కువైట్ చూడనివాళ్లు కూడా వస్తారు. వాళ్లను పట్టుకోవడానికి అర్హత ప్రశ్నలు ముందే రాసుకోవాలి. అకామా అంటే ఏమిటి, బతాకా ఎవరి దగ్గర ఉండేది, ఏ ఏరియాలో ఇల్లు, ఇంట్లోవాళ్లను ఏమని పిలిచేవాళ్లు అని అడగాలి. అకామా అంటే అక్కడి నివాస అనుమతి, బతాకా అంటే గుర్తింపు కార్డు. నిజంగా రెండేళ్లు చేసినామె తడుముకోకుండా చెబుతుంది. ఈ ప్రశ్నలను రెండు మూడు వారాలకోసారి మార్చాలి, లేకపోతే జవాబులు కూడా కూపన్లతో పాటే ఊరంతా తిరుగుతాయి.

సీడ్‌లను మన ఇష్టప్రకారం ఎంచుకున్నాం కదా, శాంపిల్ వాళ్ల వైపే మొగ్గదా?

మొదట్లో మొగ్గుతుంది, అంచెలు పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఒక లెక్క చూద్దాం. రాయచోటి వైపు మహిళలు ఇచ్చే కూపన్లలో నూటికి 80 తమ వైపు వాళ్లకే, 20 రాజంపేట వైపుకు వెళ్తాయనుకుందాం. రాజంపేట వైపు మహిళలు 70 తమ వైపుకు, 30 రాయచోటి వైపుకు ఇస్తారనుకుందాం. సీడ్‌లందరూ రాయచోటి వాళ్లే అయితే, ఒక్కో అంచెలో రాయచోటి వాటా ఇలా వస్తుంది: 100, 80, 70, 65, 62.5, 61.3 శాతం. సీడ్‌లందరూ రాజంపేట వాళ్లే అయితే 0, 30, 45, 52.5, 56.3, 58.1. రెండు దారులూ 60 దగ్గరికే చేరుతున్నాయి. మిగిలిన దూరం ప్రతి అంచెలో సగమవుతోంది. ఐదో అంచెకల్లా ఎక్కడ మొదలుపెట్టామన్నది దాదాపు చెరిగిపోయింది.

అయితే ఈ చెరిగిపోవడం ఎంత త్వరగా జరుగుతుందన్నది రెండు వైపుల రాకపోకలను బట్టి ఉంటుంది. రెండు వైపులా నూటికి 95 కూపన్లు సొంత వైపుకే పోతే, ప్రతి అంచెలో దూరం పదో వంతే తగ్గుతుంది. ఐదు అంచెల తర్వాత కూడా మొదటి మొగ్గులో 59 శాతం అలాగే ఉంటుంది. దీన్నే సీసా మెడ సమస్య అంటారు. సీడ్ వారీగా ఫలితాలను విడివిడిగా గీసి చూస్తే ఇది తెలుస్తుంది. రాయచోటి సీడ్‌ల గీతలు ఒకచోట, కోడూరు సీడ్‌ల గీతలు ఇంకోచోట నిలిచిపోయి, శాంపిల్ పెరిగినా దగ్గరపడకపోతే అవి రెండు వేర్వేరు సమూహాలు. రెండు సర్వేలుగా చేసుకోవడమే దారి. ఒకటిగా కలిపి సగటు తీస్తే ఆ సగటు ఎవరిదీ కాదు.

ఇంకొక మాట. పైన వచ్చిన 60 శాతం శాంపిల్ కుదురుకునే స్థాయి మాత్రమే. జనాభాలో అసలు వాటా 60 అని దాని అర్థం కాదు. చాలా నివేదికలు ఇక్కడే ఆగిపోతాయి. అసలు వాటాకు రావాలంటే పరిచయాల సంఖ్యతో సరిచేయాలి.

ఆ సరిచేయడం ఎందుకు? వెయిటేజీ అంటే ఏమిటి?

ఒకామెకు ఇలాంటి మహిళలు 20 మంది తెలుసు, ఇంకొకామెకు ఇద్దరే తెలుసు అనుకోండి. మొదటామె ఇంటికి కూపన్ రావడానికి 20 దారులున్నాయి, రెండో ఆమెకు రెండే. అంటే మొదటామె శాంపిల్‌లోకి వచ్చే అవకాశం రెండో ఆమె కంటే దాదాపు పది రెట్లు. శాంపిల్‌ను అలాగే లెక్కపెడితే పదిమందిలో తిరిగేవాళ్ల అనుభవమే అందరి అనుభవంగా కనిపిస్తుంది. అందుకే ఒక్కొక్కరి జవాబును ఆమె పరిచయాల సంఖ్యతో భాగిస్తాం. 20 మంది తెలిసినామె వెయిటేజీ 1/20, ఇద్దరు తెలిసినామెది 1/2. ఎరిక్ వోల్జ్, హెకథార్న్ 2008లో ఇచ్చిన సూత్రం ఇదే. ఆర్‌డీఎస్-2 అని పిలుస్తారు.

ఒక ఉదాహరణ చేసి చూపించండి.

పదిమందినే తీసుకుందాం. ప్రశ్న: "ఇంటికి తిరిగొచ్చేటప్పటికి మీకు రావాల్సిన జీతం బకాయి ఉందా?"

| మహిళ | పరిచయాలు | బకాయి | వెయిటేజీ |
|---|---|---|---|
| 1 | 20 | లేదు | 0.05 |
| 2 | 20 | లేదు | 0.05 |
| 3 | 10 | లేదు | 0.10 |
| 4 | 10 | లేదు | 0.10 |
| 5 | 10 | ఉంది | 0.10 |
| 6 | 5 | లేదు | 0.20 |
| 7 | 5 | ఉంది | 0.20 |
| 8 | 4 | ఉంది | 0.25 |
| 9 | 4 | లేదు | 0.25 |
| 10 | 2 | ఉంది | 0.50 |

తలలు లెక్కపెడితే పదిమందిలో నలుగురు, అంటే 40 శాతం. ఇప్పుడు వెయిటేజీలు కూడండి. అందరివీ కలిపి 1.80. బకాయి ఉన్న నలుగురివి 0.10, 0.20, 0.25, 0.50 కలిపి 1.05. 1.05ను 1.80తో భాగిస్తే 58 శాతం. జీతం పోగొట్టుకున్నవాళ్లు ఈ ఉదాహరణలో నలుగురితో కలవని వాళ్లు. కూపన్లు వాళ్లను తక్కువగా పట్టుకున్నాయి, ఆ లోటును వెయిటేజీ పూడ్చింది.

అదే పట్టికలో ఇంకొకటి చూడండి. పరిచయాల మామూలు సగటు 9. కానీ పదిని 1.80తో భాగిస్తే 5.6 వస్తుంది. జనాభాలో సగటు మహిళకు తెలిసినవాళ్లకు మన అంచనా ఈ 5.6. పరిచయాలు ఎక్కువున్నవాళ్లే శాంపిల్‌లో ఎక్కువగా ఉన్నారు కాబట్టి మామూలు సగటు పైకి పోయింది.

ఇప్పుడు పదో మహిళను గమనించండి. ఆమె ఒక్కతే మొత్తం వెయిటేజీలో 28 శాతం. "ఇద్దరు" అనడానికి బదులు "ఒక్కరే" అని ఉంటే ఫలితం 67 శాతానికి ఎగబాకేది. "నలుగురు" అని ఉంటే 52కు దిగేది. నిజమైన సర్వేలో పదిమంది కాదు, వందల మంది ఉంటారు కాబట్టి ఒక్కరి మాటకు ఇంత బలం ఉండదు. అయినా పాఠం అదే. ఈ పద్ధతిలో ప్రమాదమంతా చిన్న సంఖ్యల దగ్గర ఉంది. 100 మంది తెలిసినామె 200 అని చెప్పినా వెయిటేజీ 0.01 నుంచి 0.005కు మారుతుంది, ఫలితం కదలదు. ఇద్దరు తెలిసినామె ఒక్కరే అంటే ఫలితం కదిలిపోతుంది. డేటా శుభ్రం చేసేవాళ్లు సాధారణంగా పెద్ద అంకెలను అనుమానించి కోసేస్తారు. ఇక్కడ ఒకట్లు, రెళ్లు ఉన్న ఫారాలను తీసి చూడాలి.

అందరూ ఒకే నిష్పత్తిలో ఎక్కువ చెబితే నష్టం లేదు. ప్రతి ఒక్కరూ రెట్టింపు చెప్పినా పట్టికలో శాతం మారదు. నష్టమంతా ఒక గుంపు వాళ్లు ఒకలా, ఇంకో గుంపు వాళ్లు ఇంకోలా చెప్పినప్పుడే. జీతం పోగొట్టుకుని వచ్చినామె సిగ్గుతో "నాకెవరూ తెలియదు" అంటే ఆమె వెయిటేజీ అనవసరంగా పెరుగుతుంది.

మరి పరిచయాల సంఖ్యను ఎలా అడగాలి?

"కువైట్‌కు పోయొచ్చినవాళ్లు మీకు ఎంతమంది తెలుసు?" అని ఒక్క ముక్కలో అడిగితే "శానామంది" అంటారు. గట్టిగా అడిగితే యాభై అంటారు. మెట్లుమెట్లుగా దిగాలి:

1. కువైట్‌లో ఇంటిపని చేసి గత ఐదేళ్లలో తిరిగొచ్చిన ఆడవాళ్లలో, మీకు పేరు తెలిసి, మీ పేరు వాళ్లకూ తెలిసినవాళ్లు ఎంతమంది?
2. వాళ్లలో ఇప్పుడు ఈ ప్రాంతంలోనే ఉంటున్నవాళ్లు ఎంతమంది?
3. వాళ్లలో 18 ఏళ్లు నిండినవాళ్లు?
4. వాళ్లలో గత నెలరోజుల్లో మీరు చూసినవాళ్లు, మాట్లాడినవాళ్లు?

వెయిటేజీకి వాడేది చివరి అంకె. రెండో మెట్టును చాలామంది వదిలేస్తారు, ఆ తప్పు ఇక్కడ చాలా ఖరీదైనది. ఇంకా కువైట్‌లోనే ఉన్న స్నేహితురాళ్లతో రోజూ ఫోన్లో మాట్లాడేవాళ్లు వాళ్లను కూడా కలిపి చెప్పేస్తారు. వాళ్లు ఇక్కడికి రాలేరు, కూపన్ ఇవ్వలేరు, తీసుకోలేరు. వాళ్లను లెక్కలో ఉంచితే మొన్ననే తిరిగొచ్చినవాళ్ల వెయిటేజీ పడిపోతుంది.

పేరు వాళ్లకూ తెలిసి ఉండాలన్నది ఊరికే పెట్టలేదు. వెయిటేజీ సూత్రం నిలబడాలంటే పరిచయం రెండు వైపులా ఉండాలి. "మీకు కూపన్ ఇచ్చినామె మీకు ఏమవుతుంది?" అని ప్రతి ఒక్కరినీ అడగాలి. "ఎవరో తెలియదు, బస్టాండులో ఇచ్చింది" అనే జవాబులు పెరుగుతుంటే కూపన్ల వ్యాపారం మొదలైనట్టే.

సున్నా అని చెప్పినామె విషయంలో కంగారు పడక్కర్లేదు. కూపన్‌తో వచ్చింది కాబట్టి కనీసం ఒకరు తెలుసు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు అక్కడికక్కడే "ఈ కూపన్ ఇచ్చినామెను కలిపి చెప్పండి" అని మళ్లీ అడగాలి. తర్వాత ఆఫీసులో కూర్చుని ఒకటి అని దిద్దకూడదు. ఆ ఒకటే ఫలితాన్ని లాగేస్తుంది. అలాగే అంకెలు 10, 20, 50 దగ్గర కుప్పపడితే మెట్లు దిగకుండా ఫారం నింపేస్తున్నారని అర్థం.

వెయిటేజీ కట్టినా సరికానివి ఏమిటి?

వెయిటేజీ సరిచేసేది పరిచయాల సంఖ్యలోని తేడాను మాత్రమే. ప్రతి మహిళా తనకు తెలిసినవాళ్లలోంచి లాటరీ తీసినట్టు ఒకరికి కూపన్ ఇచ్చిందని సూత్రం అనుకుంటుంది. నిజానికి ఆమె తీరిక ఉన్నవాళ్లకు, డబ్బు అవసరమున్నవాళ్లకు, దగ్గరి చుట్టాలకు ఇస్తుంది. తిరిగొచ్చి అంగడి పెట్టుకున్నామె పూట పని మానుకుని ఇంత డబ్బు కోసం రాదు. ఉగాండాలోని మసాకా ప్రాంతంలో, ముందే పూర్తి జాబితా ఉన్న గ్రామాల మగ కుటుంబ పెద్దల మీద ఈ పద్ధతిని పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. చిన్న వయసు వాళ్లు, ఆర్థికంగా పైవాళ్లు తక్కువగా వచ్చారు. వెయిటేజీ కట్టినా ఆ మొగ్గు పెద్దగా పోలేదు.

అందువల్ల రెండో విడత డబ్బుకు వచ్చినప్పుడు ప్రతి ఒక్కరినీ "ఎంతమందికి ఇవ్వజూపారు, ఎవరు వద్దన్నారు, ఎందుకు?" అని అడగాలి. వద్దన్నవాళ్ల వయసు, ఎప్పుడు తిరిగొచ్చారు అన్నవి రాసుకోవాలి, పేర్లు వద్దు. శాంపిల్ ఎటు వంగిందో చెప్పే ఆధారం అదొక్కటే. ఏజెంటు భార్యో చెల్లెలో గొలుసులో దూరితే అక్కడి నుంచి దిగేవాళ్లంతా "ఏ ఇబ్బందీ లేదు" అనేవాళ్లే అవుతారు. ఒకే కొమ్మ మూడు నాలుగు రోజుల్లో విపరీతంగా పెరిగి, జవాబులన్నీ ఒకేలా ఉంటే ఆ కొమ్మను విడిగా చూడాలి.

మొత్తం వాళ్లు వెయ్యిమందే ఉండి, మన శాంపిల్ నాలుగు వందలైతే?

అప్పుడు 1/పరిచయాలు అన్న లెక్క అతిగా సరిచేస్తుంది. ఒకసారి వచ్చినామె మళ్లీ రాదు కదా. పరిచయాలు ఎక్కువున్నవాళ్లు ముందే వచ్చేస్తారు, చివరికి తక్కువ ఉన్నవాళ్లే మిగులుతారు. కాబట్టి 20కీ 2కీ మధ్య తేడా పది రెట్లుండదు, తగ్గుతుంది. క్రిస్టా గైల్ 2011లో ఇచ్చిన సూత్రం దీన్ని లెక్కలోకి తీసుకుంటుంది. దానికి మొత్తం జనాభా అంచనా కావాలి. ఒక్క అంకె మీద ఆధారపడకుండా తక్కువ, మధ్య, ఎక్కువ అంచనాలు మూడూ పెట్టి చూడండి. మూడింటికీ ఫలితం దగ్గరగా ఉంటే ధైర్యంగా చెప్పొచ్చు. కనపడకుండా ఉన్న జనాభా శాంపిల్‌కు చాలా రెట్లుంటే రెండు సూత్రాలూ దాదాపు ఒకే జవాబిస్తాయి.

శాంపిల్ ఎంత ఉండాలి?

లాటరీ పద్ధతిలో తీసే శాంపిల్ అయితే, సగం మందిలో ఉన్న లక్షణాన్ని పది శాతం అటూఇటూగా చెప్పడానికి 96 మంది చాలు. గొలుసులో వచ్చినవాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి ఒక్కొక్కరి నుంచి కొత్తగా తెలిసేది తక్కువ. మొదట్లో దీన్ని రెట్టింపు చేస్తే చాలనుకున్నారు, అంటే 192. తర్వాతి పరిశీలనల్లో అది చాలదని తేలింది. నాలుగు రెట్లకు, అంటే 384కు, సిద్ధపడటం మంచిది.

కంప్యూటర్‌లో ఎలా చేయాలి?

ఆర్ భాషలో `RDS` ప్యాకేజీ ఉంది. డేటాలో ప్రతి వరుసకూ సొంత నంబరు, పంపినామె నంబరు, పరిచయాల సంఖ్య ఉండాలి. సీడ్‌లకు పంపినవాళ్లు లేరు కాబట్టి ఆ గడిలో అందరికీ ఒకే గుర్తు, ఉదాహరణకు `seed`, పెట్టాలి.

```r
library(RDS)
d <- as.rds.data.frame(x, id = "id",
       recruiter.id = "rid", network.size = "deg")
RDS.II.estimates(d, outcome.variable = "bakayi")
RDS.SS.estimates(d, outcome.variable = "bakayi", N = 1000)
convergence.plot(d, "bakayi")
bottleneck.plot(d, "bakayi")
```

`RDS.II` వోల్జ్, హెకథార్న్ సూత్రం, `RDS.SS` గైల్ సూత్రం, `N` మొత్తం జనాభా అంచనా. చివరి రెండు వరుసలను సర్వే ముగిశాక కాకుండా ప్రతి వారం నడపాలి. `convergence.plot` గీత ఇంకా పైకో కిందికో పోతుంటే అనుకున్న సంఖ్య నిండినా ఆపకూడదు. సీసా మెడ కనపడితే, కూపన్లు ఇంకా చేతిలో ఉండగానే అటువైపు కొత్త సీడ్ దింపే వీలుంటుంది.

నివేదికలో ఏమేం తప్పక రాయాలి?

వెయిటేజీ కట్టక ముందు శాతం, కట్టిన తర్వాత శాతం రెండూ పక్కపక్కనే ఇవ్వండి. ఎన్ని సీడ్‌లు, వాటిలో ఎన్ని చప్పబడ్డాయి, అత్యంత పొడవైన గొలుసు ఎన్ని అంచెలు, ఎన్ని కూపన్లు ఇస్తే ఎన్ని తిరిగొచ్చాయి, పరిచయాల ప్రశ్న అక్షరం పొల్లుపోకుండా ఎలా అడిగారు అన్నవి రాయాలి. ఫలితం ఎవరి గురించో కూడా రాయాలి: గత ఐదేళ్లలో తిరిగొచ్చి, ఈ ప్రాంతంలో ఉంటూ, తనలాంటి మహిళ కనీసం ఒకరు తెలిసినవాళ్ల గురించి మాత్రమే. తిరిగొచ్చాక ఎవరితోనూ సంబంధం లేకుండా ఇంట్లోనే ఉండిపోయినామె దగ్గరికి ఏ కూపనూ పోదు. ఆమెకు ఏ వెయిటేజీ కట్టినా శాంపిల్‌లోకి రాదు. ఆమె ఈ 58 శాతంలోనూ లేదు, మిగతా 42లోనూ లేదు.